ఒక నగరంలో ఇడ్లీ పిండి మార్కెట్ ఎంత? పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండు లెక్కలు
(మేనేజ్‌మెంట్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ ప్రాజెక్టు నివేదికల్లో మార్కెట్ పరిమాణం అనే శీర్షిక కింద సాధారణంగా ఒక పెద్ద అంకె, దాని కింద అందులో ఒక్క శాతం మాకు వచ్చినా చాలు అనే ఒక వాక్యం కనిపిస్తాయి. ఆ పెద్ద అంకె ఎక్కడినుంచి వచ్చింది, ఆ ఒక్క శాతం ఎందుకు అర శాతమో రెండు శాతమో కాలేదు అని అడిగితే సమాధానం రాదు. కాబట్టి ఈ రోజు సిద్ధాంతాన్ని తగ్గించి, ఒకే ఒక్క చిన్న వస్తువును తీసుకుని, దాని మార్కెట్‌ను రెండు దారుల్లో లెక్కకట్టి, ఆ రెండు జవాబులు ఎందుకు కలవలేదో వెతుకుదాం. వస్తువు ఇడ్లీ, దోసెల పిండి. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన ఉండే కిలో ప్యాకెట్. ఊరు విజయవాడ.

లెక్క మొదలుపెట్టే ముందు మనం దేన్ని కొలుస్తున్నామో ఒక వాక్యంలో రాసి పెట్టుకోవాలి. ఈ ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల వచ్చే తప్పులు, కూడికల్లో గుణకారాల్లో వచ్చే తప్పులకంటే ఎక్కువ. మన వాక్యం ఇది: విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలోని కుటుంబాలు, ఇంట్లో వండుకోవడానికి, ఒక సంవత్సరంలో కొనే ప్యాకెట్ ఇడ్లీ, దోసెల పిండి విలువ, వినియోగదారుడు చెల్లించే ధరలో. ఇందులో ప్రతి ముక్కా ఏదో ఒకదాన్ని బయట పెడుతోంది. కుటుంబాలు అన్నాం కాబట్టి హోటళ్లు, టిఫిన్ సెంటర్లు కొనే పిండి లెక్కలోకి రాదు. ప్యాకెట్ అన్నాం కాబట్టి ఇంట్లో గ్రైండర్ పెట్టుకుని రుబ్బి, పక్కింటివాళ్లకు గిన్నెల్లో కొలిచి అమ్మేవారి విడి పిండి రాదు. వినియోగదారుడి ధర అన్నాం కాబట్టి దుకాణదారుడి లాభం, పన్ను రెండూ ఈ అంకెలోనే ఉన్నాయి. ఈ మూడు నిర్ణయాలూ తర్వాత మనకు పనికొస్తాయి.

ఇక పైనుంచి కిందికి వచ్చే పద్ధతి. ప్రభుత్వమో మరొక సంస్థో ప్రచురించిన ఒక పెద్ద మొత్తాన్ని తీసుకుని, దాన్ని వరుసగా వడపోతల గుండా దింపుకుంటూ మన వస్తువు దాకా రావడం ఈ పద్ధతి. మన దగ్గర నమ్మదగిన పెద్ద అంకెలు రెండున్నాయి. మొదటిది జనాభా. 2011 జనగణన ప్రకారం విజయవాడ నగర జనాభా సుమారు 10 లక్షల 30 వేలు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కాబట్టి అప్పటినుంచి ఇప్పటివరకు పెరుగుదలను మనమే ఊహించుకోవాలి. ఏడాదికి 1 శాతం చొప్పున పెరిగిందనుకుంటే ఇప్పటికి 12 లక్షలకు దగ్గరగా వస్తుంది. ఆ 1 శాతం నేను వేసుకున్న ఊహ అని పక్కనే రాసి పెట్టుకోండి. ఇంటికి సగటున నలుగురు అనుకుంటే 3 లక్షల కుటుంబాలు.

రెండో అంకె ఖర్చు. జాతీయ గణాంక కార్యాలయం 2022 ఆగస్టు నుంచి 2023 జూలై వరకు జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల్లో తలసరి నెలవారీ వినియోగ వ్యయం 6,782 రూపాయలని తేలింది. అదే సర్వే ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాలు తమ ఖర్చులో 10.64 శాతాన్ని పానీయాలు, చిరుతిళ్లు, శుద్ధి చేసిన ఆహారం అనే వర్గం మీద పెడుతున్నాయి. ఇక్కడ చాలామంది గమనించని ఒక అతుకు ఉంది. మొదటి అంకె ఆంధ్రప్రదేశ్‌ది, రెండోది దేశం మొత్తానిది. అతుకు వేయక తప్పనప్పుడు వేయవచ్చు, కాని అతుకు వేశామని నివేదికలో కనిపించాలి. గుణిస్తే ఒక మనిషికి నెలకు సుమారు 722 రూపాయలు. 12 లక్షల మందికి, 12 నెలలకు సుమారు 1,039 కోట్ల రూపాయలు.

ఇంతవరకు మన చేతిలో ఉన్నవి ప్రచురిత అంకెలూ, రెండు మూడు సహేతుకమైన ఊహలూ. తర్వాతి మెట్టు దగ్గరే కాలు జారుతుంది. ఈ 1,039 కోట్లలో బయట తాగే టీ ఉంది, హోటల్‌లో కొన్న భోజనం ఉంది, బిస్కెట్లు, మిఠాయిలు, పచ్చళ్లు ఉన్నాయి. ఇందులో ఇడ్లీ పిండి వాటా ఎంత? విద్యార్థులు ఇక్కడ 1 శాతం అని రాసి, 10 కోట్ల 39 లక్షలు అని తేల్చి, ముందుకు వెళ్లిపోతారు. పై మెట్లన్నీ ఎంత జాగ్రత్తగా వేసినా ఈ ఆఖరి 1 శాతం గాలిలోంచి తీసినదైతే మొత్తం జవాబు గాలిలోంచి తీసినట్టే, ఎందుకంటే దాన్ని 3 శాతం చేస్తే జవాబు కూడా అంతే తేలికగా మూడింతలవుతుంది.

ఇలాంటి శాతం ఎదురైనప్పుడు చేయవలసిన పని ఒకటుంది. దాన్ని ఒక ఇంటి వంటగదిలోకి తీసుకెళ్లాలి. 10 కోట్ల 39 లక్షలను 3 లక్షల ఇళ్లకు పంచితే ఇంటికి ఏడాదికి సుమారు 346 రూపాయలు, నెలకు 29 రూపాయలు. కిలో ప్యాకెట్ ధర 60 రూపాయలనుకుంటే, సగటున ప్రతి ఇల్లూ రెండు నెలలకు ఒక ప్యాకెట్ కొంటోందన్నమాట. ఇప్పుడు ఇది శాతం కాదు, మనుషులు చేసే పని. ఇది నమ్మదగినదా కాదా అని ఎవరైనా వాదించవచ్చు, నాలుగిళ్లకు వెళ్లి అడగవచ్చు. 1 శాతాన్ని మాత్రం ఏ ఇంటికి వెళ్లీ అడగలేరు.

అందుకని నేను పైనుంచి కిందికి వచ్చే లెక్కను రూపాయల్లో కంటే కుటుంబాల్లో దింపడానికే ఇష్టపడతాను. మన 3 లక్షల ఇళ్లను తీసుకుందాం. ఇకపై వచ్చే శాతాలన్నీ, కొట్ల లెక్కలన్నీ ఈ పాఠం కోసం నేను వేసుకున్నవి. మీరు మీ సర్వేలో తెచ్చుకున్న అంకెలను వాటి స్థానంలో పెట్టుకోవాలి. వారానికి కనీసం ఒకసారి ఇంట్లో ఇడ్లీయో దోసెలో వేసుకునేవి 80 శాతం అనుకుందాం, అంటే 2 లక్షల 40 వేల ఇళ్లు. వాటిలో పిండిని బయట కొనేవి 40 శాతం, అంటే 96 వేల ఇళ్లు. అలా కొనే ఇల్లు వారానికి సగటున కిలోన్నర కొంటుంది, అంటే ఏడాదికి 78 కిలోలు, 60 రూపాయల చొప్పున 4,680 రూపాయలు. 96 వేల ఇళ్లకు లెక్కిస్తే సుమారు 44 కోట్ల 90 లక్షలు. పైనుంచి వచ్చిన జవాబు ఇది. దీన్ని అలా ఉంచండి.

కిందినుంచి పైకి వెళ్లే పద్ధతిలో ప్రచురిత మొత్తాలతో పని లేదు. అమ్మకం జరిగే చోటుకు వెళ్లి, ఒక్క అమ్మకపు కేంద్రంలో ఎంత కదులుతోందో కొలిచి, అలాంటి కేంద్రాలు ఎన్నున్నాయో లెక్కించి, గుణించుకుంటూ పైకి రావాలి. మన వస్తువుకు ఆ కేంద్రం కిరాణా కొట్టు. కాబట్టి రెండు ప్రశ్నలకు జవాబు కావాలి: పిండి ప్యాకెట్లు పెట్టే కొట్లు నగరంలో ఎన్ని, ఒక్కో కొట్టులో వారానికి ఎన్ని కిలోలు అమ్ముడవుతున్నాయి.

మొదటి ప్రశ్నకు నగరమంతా తిరగనక్కర్లేదు. విజయవాడ నగరపాలక సంస్థలో 64 డివిజన్లున్నాయి. వాటిలో నాలుగింటిని తీసుకుని వీధి వీధీ తిరిగి, పిండి ప్యాకెట్లున్న కొట్లను లెక్కించామనుకుందాం. పటమట వైపు అపార్ట్‌మెంట్లు దట్టంగా ఉన్న డివిజన్‌లో 38, భవానీపురంలో 30, సింగ్‌నగర్‌లో 20, వన్‌టౌన్ పాతవీధుల్లో 12 వచ్చాయనుకుందాం. సగటు 25. 64తో గుణిస్తే 1,600 కొట్లు. బద్ధకించి మన కాలేజీకి దగ్గరగా ఉందని పటమట ఒక్కటే తిరిగి ఉంటే, 38ని 64తో గుణించి 2,432 కొట్లు అనేవాళ్లం. అంటే జవాబు సగానికి పైగా పెరిగిపోయేది, పైగా ఆ అంకె ఎంతో శ్రమపడి తెచ్చినదిగా కనిపించేది. కిందినుంచి వచ్చిన అంకె క్షేత్రస్థాయిలోంచి వచ్చింది కాబట్టి నిజమై తీరుతుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. ఆ నమ్మకం తప్పు. నమూనాలో ఉన్న వంకర, గుణించినప్పుడు పెద్దదవుతుంది తప్ప సరికాదు. డివిజన్లను ఎంచుకునేటప్పుడు అపార్ట్‌మెంట్ల ప్రాంతం, పాత ఊరు, కొత్త కాలనీ, అద్దె ఇళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం అని ముందే విడగొట్టుకుని, ఒక్కో రకం నుంచి ఒక్కొక్కటి తీసుకోవడం దీనికి మందు. ఆయా రకాల డివిజన్లు 64లో ఎన్నెన్ని ఉన్నాయో తెలిస్తే సగటును ఆ నిష్పత్తిలో వేసుకోవాలి. తెలియకపోతే సమానంగా ఉన్నాయనుకున్నాం అని రాయాలి.

రెండో ప్రశ్న ఇంకా చిక్కైనది. కొట్టు యజమానిని నేరుగా అడిగితే సరైన జవాబు వచ్చే అవకాశం తక్కువ. ఈ కుర్రాళ్లు పన్ను ఆఫీసు నుంచి వచ్చారేమో అనుకున్నవాడు తగ్గించి చెబుతాడు, ఏదైనా కంపెనీ నుంచి వచ్చారనుకున్నవాడు పెంచి చెబుతాడు. ఇద్దరినీ తప్పుపట్టలేం. దీనికి మెరుగైన దారి పొద్దున్నే వచ్చే సరఫరా బండి. పిండి తెచ్చే మనిషి క్రేట్‌లోంచి ప్యాకెట్లు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తేదీ దాటిపోయినవీ, పొంగి ఉబ్బినవీ వెనక్కి తీసుకుని, చిన్న పుస్తకంలో రెండంకెలు రాసుకుంటాడు. ఇచ్చినవి, తిరిగి తీసుకున్నవి. ఆ రెండింటి తేడానే అమ్మకం. పిండి ఫ్రిజ్‌లో ఉన్నా పులుస్తూనే ఉంటుంది కాబట్టి కొట్టువాడు నెలలకొద్దీ సరుకు నిల్వ పెట్టుకోలేడు. అందువల్ల ఈ వారం వచ్చిన సరుకు ఈ వారమే అమ్ముడవుతుంది, లేదా తిరిగి వెళుతుంది. సబ్బులకో టూత్‌పేస్టుకో ఈ పద్ధతి ఇంత శుభ్రంగా పనిచేయదు. అక్కడ కొట్టుకు చేరిన సరుకుకీ, ఇంటికి చేరిన సరుకుకీ మధ్య నిల్వ అడ్డుపడుతుంది.

ఏ రోజు వెళ్లి చూస్తున్నామన్నది కూడా ముఖ్యమే. మన ఇళ్లలో చాలాచోట్ల శనివారం ఒంటిపూట, రాత్రికి టిఫిన్. ఆదివారం పొద్దున్న అందరూ ఇంట్లో ఉంటారు, తీరికగా దోసెలు వేసుకుంటారు. కాబట్టి మంగళవారం ఒక్కరోజు చూసి ఏడుతో గుణిస్తే తక్కువ వస్తుంది, శనివారం చూసి గుణిస్తే ఎక్కువ వస్తుంది. కార్తీక మాసంలో చూసినవాడి అంకె ఏడాది మొత్తానికి సరిపోదు. మన ఉదాహరణలో మామూలు రోజున కొట్టుకు 6 కిలోలు, శని ఆదివారాల్లో రోజుకు 10 కిలోలు అనుకుందాం. వారానికి 50 కిలోలు. 1,600 కొట్లకు వారానికి 80 వేల కిలోలు, 52 వారాలకు 41 లక్షల 60 వేల కిలోలు. 60 రూపాయల చొప్పున 24 కోట్ల 96 లక్షలు. 25 కోట్లనుకుందాం.

పైనుంచి వచ్చింది 45 కోట్లు, కిందినుంచి వచ్చింది 25 కోట్లు. ఈ ఘట్టానికి వచ్చేసరికి విద్యార్థులు రెండింటినీ కూడి రెండుతో భాగించి 35 కోట్లు అని రాయడం నేను తరచుగా చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. రెండు వేర్వేరు వస్తువులను కొలిచి సగటు తీస్తే వచ్చేది ఏ వస్తువుదీ కాని అంకె. ఆ 20 కోట్ల తేడాయే ఈ కసరత్తులో మనకు దొరికిన అతి విలువైన సమాచారం. అది ఎక్కడ దాగుందో ఒక్కొక్క మెట్టూ వెనక్కి నడుచుకుంటూ వెతకాలి.

మొదట నిర్వచనం దగ్గరకు వెళ్దాం. మనం రాసుకున్న వాక్యంలో ప్యాకెట్ పిండి అని ఉంది. కాని ఆ 40 శాతం కోసం ఇళ్లకు వెళ్లినప్పుడు మీరు పిండి బయట కొంటారా అని మాత్రమే అడిగామనుకుందాం. వీధి చివర గ్రైండర్ పెట్టుకున్నావిడ దగ్గర గిన్నె తీసుకెళ్లి కొనేవారు కూడా ఆ ప్రశ్నకు కొంటాం అనే జవాబిస్తారు, అందులో అబద్ధమేమీ లేదు. కొట్ల లెక్కలో మాత్రం విడి పిండి రాలేదు. రెండోసారి వెళ్లి అడిగితే కొనేవారిలో మూడోవంతు మంది విడి పిండి కొనేవారని తేలిందనుకుందాం. 96 వేలలో ప్యాకెట్ కొనేవి 64 వేల ఇళ్లు మిగులుతాయి. ఏడాదికి 4,680 చొప్పున దాదాపు 30 కోట్లు. ఒకే ఒక్క ప్రశ్నలో ఒక్క మాట తప్పిపోయినందుకు 15 కోట్లు అదనంగా వచ్చి చేరాయి. ఆ 15 కోట్లలోనూ విడి పిండిని ప్యాకెట్ ధరకు కట్టిన తప్పు మరొకటి దాగుంది, ఎందుకంటే విడి పిండి సాధారణంగా చవక.

తర్వాత కొట్ల వైపు. కిరాణా కొట్లు తిరిగాం గాని సూపర్ మార్కెట్లకు వెళ్లలేదు. నగరంలో పిండి అమ్మే సూపర్ మార్కెట్లు 40 ఉన్నాయనీ, ఒక్కోదానిలో వారానికి 150 కిలోలు కదులుతున్నాయనీ అనుకుంటే ఏడాదికి 3 లక్షల 12 వేల కిలోలు, సుమారు 1 కోటి 87 లక్షల రూపాయలు. కలిపితే కిందినుంచి వచ్చిన అంకె 27 కోట్లకు దగ్గరగా వస్తుంది. ఫోన్‌లో ఆర్డరు పెడితే పది పదిహేను నిమిషాల్లో ఇంటికి తెచ్చే సంస్థల గోదాములు వీధిలో కొట్టులా కనిపించవు, వాటి అమ్మకం ఇంకా ఇందులో చేరలేదు. కాబట్టి 27 కోట్లు కొంచెం తక్కువ అంచనా.

పైనుంచి వచ్చిన 30 కోట్లు కొంచెం ఎక్కువ అంచనా అనుకోవడానికి కూడా కారణం ఉంది. వారానికి ఎంత కొంటారు అని అడిగితే మనుషులు తమకు గుర్తున్న నిండు వారాన్ని చెబుతారు. ఊరెళ్లిన వారం, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేని వారం, ఉప్మాతో సరిపెట్టుకున్న వారం వారి లెక్కలోకి రావు. చివరిసారి ప్యాకెట్ ఎప్పుడు కొన్నారు, దానికి ముందుది ఎప్పుడు అని అడిగితే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. అలా అడగకుండా వాట్సాప్‌లో ఫారం పంపి, స్నేహితులూ హాస్టల్ మిత్రులూ నింపినదాన్ని నగరవాసుల అభిప్రాయంగా సమర్పిస్తే, కొనే ఇళ్లు 40 శాతం కాదు 70 శాతమని కూడా తేలవచ్చు.

ఇప్పుడు మన చేతిలో 27 నుంచి 30 కోట్ల పరిధి ఉంది. ఒకటి ఎందుకు తక్కువో, రెండోది ఎందుకు ఎక్కువో కారణంతో సహా చెప్పగలుగుతున్నాం. మొదట తీసుకున్న ఖర్చు సర్వే అంకె ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది, ఈసారి ఆధారంగా కాదు, తనిఖీగా. 30 కోట్లను 12 లక్షల మందికి పంచితే మనిషికి నెలకు 21 రూపాయలు. ఆ వర్గం మొత్తం మీద మనిషి పెట్టే 722 రూపాయలలో ఇది 3 శాతం లోపే. టీలూ టిఫిన్లూ బిస్కెట్లూ ఉన్న వర్గంలో ఇడ్లీ పిండికి ఆ చోటు ఉండవచ్చు. ఒకవేళ మన జవాబు 300 కోట్లు వచ్చి ఉంటే మనిషికి నెలకు 200 రూపాయలు దాటేది, అప్పుడు ఎక్కడో ఒక సున్నా అదనంగా పడిందని వెంటనే తెలిసిపోయేది. పైనుంచి వచ్చే పద్ధతికి నేను ఇచ్చే విలువ ప్రధానంగా ఇదే. చిన్న వస్తువుల విషయంలో అది జవాబు చెప్పలేదు గాని, తప్పుడు జవాబును పట్టుకోగలదు.

ఏ ఊహ మీద ఇంకొక వారం కష్టపడాలో కూడా ఈ దశలో చూసుకోవాలి. ఇంటికి నలుగురు కాక 3.8 మంది అనుకుంటే జవాబు 5 శాతం మారుతుంది. జనాభా పెరుగుదల 1 శాతం కాక ఒకటింపావు అనుకున్నా పెద్ద తేడా రాదు. కాని పిండి కొనే ఇళ్లు 40 శాతం కాక 30 శాతం అయితే జవాబులో నాలుగోవంతు పోతుంది. కాబట్టి జనాభా అంచనాను దశాంశాల దాకా చెక్కుతూ కూర్చోవడం కంటే మరో వంద ఇళ్లకు వెళ్లి రావడం మేలు. నివేదికల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంటుంది. లైబ్రరీలో కూర్చుని చేయగలిగిన లెక్క దశాంశాలతో ఉంటుంది, ఎండలో తిరగవలసిన లెక్క పది మంది జవాబులతో సరిపెట్టబడుతుంది.

ఇంతవరకు చెప్పినది మార్కెట్ పరిమాణం. మీరొక చిన్న పిండి తయారీ కేంద్రం పెడుతున్నట్టు ప్రాజెక్టు రాస్తున్నారు కాబట్టి ఇందులో మీకు దక్కేది ఎంత అనే ప్రశ్నకు వద్దాం. ముందుగా ధర. వినియోగదారుడు చెల్లించిన 60 రూపాయలు మీకు రావు. కొట్టువాడు 9 రూపాయలు ఉంచుకుని మీకు 51 ఇస్తాడనుకుందాం. అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే మీ అమ్మకపు రాబడి సుమారు 48 రూపాయల 60 పైసలు. అంటే వినియోగదారుడి ధరలో 27 నుంచి 30 కోట్లున్న మార్కెట్ తయారీదారుల రాబడిగా చూస్తే 22 నుంచి 24 కోట్లు మాత్రమే. మీ రాబడిని తయారీ ధరలో, మార్కెట్‌ను వినియోగదారుడి ధరలో రాసి వాటా లెక్కకడితే ఆ వాటా తప్పు.

తర్వాత అందరికీ ఇష్టమైన ఒక్క శాతం. దీన్ని కూడా కిందినుంచే కట్టాలి. మీ దగ్గర ఒక బండి ఉంది. తెల్లవారుజామున బయలుదేరి, ఇళ్లలో టిఫిన్ వేళ దాటకముందే అది 80 కొట్లకు వెళ్లగలదనుకుందాం. కొట్టుకు రోజుకు రెండున్నర కిలోలు అమ్ముతామని రాశారనుకుందాం. రోజుకు 200 కిలోలు, ఏడాదికి 73 వేల కిలోలు, వినియోగదారుడి ధరలో 43 లక్షల 80 వేల రూపాయలు. 27 కోట్ల మార్కెట్‌లో ఇది 1.6 శాతం. వినడానికి ఎంతో అణకువైన లక్ష్యంలా ఉంది. ఇప్పుడు దీన్ని కొట్టులోకి తీసుకెళ్దాం. మన లెక్క ప్రకారం ఒక కొట్టులో అన్ని కంపెనీల పిండీ కలిపి వారానికి 50 కిలోలు, రోజుకు సుమారు 7 కిలోలు. అందులో రెండున్నర కిలోలు మీదే కావాలంటున్నారు. అంటే మీరు అడుగుపెట్టిన ప్రతి కొట్టులోనూ, అప్పటికే ఫ్రిజ్‌లో చోటు సంపాదించుకున్న రెండు మూడు రకాల మధ్య, మొదటి ఏడాదే 35 శాతం వాటా. నగరం మీద చూస్తే ఒకటిన్నర శాతంగా కనిపించినది ఫ్రిజ్ అర మీద మూడోవంతుకు పైగా తేలింది. తేడా ఎక్కడినుంచి వచ్చిందంటే, మీరు చేరగలిగింది 1,600లో 80 కొట్లకే, 5 శాతానికే. మిగిలిన 95 శాతం కొట్లలో మీరు లేరు, అక్కడి మార్కెట్ ఎంత పెద్దదైనా మీకు పైసా రాదు.

కాబట్టి లక్ష్యాన్ని కొట్టు దగ్గర మొదలుపెట్టి తిరిగి రాయాలి. పక్క రకాలను చూసి, కొత్తగా వచ్చిన మీ ప్యాకెట్‌కు ఆ కొట్ల అమ్మకంలో 20 శాతం దొరుకుతుందని మీరు సమర్థించుకోగలిగితే, కొట్టుకు రోజుకు సుమారు 1.43 కిలోలు, 80 కొట్లకు 114 కిలోలు. కిలోకు 48 రూపాయల 60 పైసల చొప్పున రోజుకు దాదాపు 5,540 రూపాయలు, ఏడాదికి 20 లక్షలకు కాస్త పైన. తిరిగి వచ్చిన ప్యాకెట్లు ఈ 114లో లేవు. అమ్ముడైనవే 114, కాబట్టి తయారు చేయవలసింది అంతకంటే ఎక్కువ, ఆ ఎక్కువ ఖర్చు కూడా మీదే. బియ్యం, మినప్పప్పు, రుబ్బడానికి కరెంటు, ప్యాకెట్ కవరు, ఇద్దరు పనివాళ్లు, బండి డీజిల్, అన్నీ ఆ 5,540 రూపాయల్లోంచే పోవాలి.

మీ నివేదికలో 27 నుంచి 30 కోట్లు అనే వాక్యం ఒక పేరాలో రాయండి. ఈ 5,540 రూపాయల పట్టికకు మాత్రం పూర్తి పేజీ కేటాయించి, ప్రతి ఊహ పక్కనా అది ఎవరిని అడిగితే వచ్చిందో, ఏ ప్రాంతంలో, ఏ వారంలో వచ్చిందో రాయండి. వచ్చే తరగతికి ఆ పేజీ పట్టుకుని రండి, అందులో బండి రెండో విడత వెళితే లెక్క ఎలా మారుతుందో అప్పుడు చూద్దాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.